ఐదు తప్పులకు ఒక మార్కు: తెలియని బిట్టు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదలాలి?

పోటీ పరీక్షలు రాసేవారిలో ఒక మాట స్థిరపడిపోయింది: మైనస్ మార్కులున్న పేపరులో తెలియని బిట్టు జోలికి పోకూడదు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఒక నిర్దిష్టమైన పరీక్షను తీసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పరీక్ష 2022 ఆగస్టు 28న తెలంగాణ రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి నిర్వహించిన కానిస్టేబుల్ ప్రాథమిక రాత పరీక్ష. పరిశీలనకు నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకోవడానికి ఒక కారణం ఉన్నది. నల్లమల అంచున ఉన్న ఈ ప్రాంతంలో చెంచు పెంటలు, లంబాడీ తండాలు, ఎస్సీ వాడలు, బీసీ, ఓసీ కుటుంబాలు పక్కపక్కనే ఉంటాయి. అందువల్ల ఒకే పేపరును మూడు వేర్వేరు అర్హత గీతలతో దాటవలసిన అభ్యర్థులు ఇక్కడ ఒకే గదిలో కూర్చొని చదివే అవకాశం ఎక్కువ. తెలియని బిట్టు పెట్టడం లాభమా నష్టమా అన్న ప్రశ్నకు జవాబు ఈ గీతను బట్టి మారుతుందా అన్నది ఇక్కడ తేల్చవలసిన అసలు విషయం.

1. నిబంధన: రెండు కథనాలు

పరీక్షలో 200 ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు, నాలుగు ఐచ్ఛికాలు, మూడు గంటల సమయం. కోత గురించి రెండు రకాల కథనాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది "ఐదు తప్పులకు ఒక మార్కు పోతుంది" అన్నది. రెండవది "ఒక్కో తప్పుకు 0.20 మార్కు పోతుంది" అన్నది. పైకి రెండూ ఒకటే. అయితే మొదటి మాటను అక్షరాలా తీసుకుంటే నాలుగు తప్పుల వరకు ఏమీ పోదని, ఐదో తప్పుతోనే మార్కు పోతుందని అర్థం చేసుకునే వీలున్నది. రెండవ మాట ప్రకారం నాలుగు తప్పులకు 0.80 పోతుంది. తేడా ఎప్పుడూ ఒక మార్కు లోపే కాబట్టి పేపరు మొత్తం మీద దీని ప్రభావం స్వల్పం. కానీ గీతకు సరిగ్గా ఆనుకొని ఉన్న అభ్యర్థికి 59.2కూ 60కీ ఉన్న దూరం చిన్నది కాదు. తొందరపడి లాభం లెక్కించకుండా ఉండటానికి ఈ వ్యాసంలో రెండవ అర్థాన్నే, అంటే ప్రతి తప్పుకూ కోత పడుతుందన్న అర్థాన్నే, స్వీకరించడమైనది.

అర్హత గీత విషయంలోనూ తేదీని బట్టి తేడా ఉన్నది. 2022 ఏప్రిల్ నాటి నోటిఫికేషన్ ప్రకారం అన్ని వర్గాలకూ 30 శాతం, అంటే 60 మార్కులు. పరీక్ష ముగిసిన తర్వాత, ఫలితాల నాటికి ఈ గీత మారింది: ఓసీలకు 60, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40. కాబట్టి ఆగస్టు 28న హాలులో కూర్చున్న ఎస్టీ అభ్యర్థి 60 గీతను మనసులో పెట్టుకొని బిట్లు పెట్టి ఉండాలి. అతని పేపరును కొలిచినది మాత్రం 40 గీత. నిర్ణయం తీసుకున్న నాటి గీత, ఫలితం తేల్చిన గీత వేర్వేరన్న ఈ సంగతిని ముందుకు సాగే కొద్దీ గుర్తుంచుకోవాలి.

2. కోత ఎక్కడి నుంచి వచ్చింది?

బహుళైచ్ఛిక ప్రశ్న పుట్టుకను సాధారణంగా అమెరికాలోని కాన్సాస్‌కు చెందిన ఫ్రెడరిక్ కెల్లీకి ఆపాదిస్తారు. సంవత్సరం దగ్గర మాత్రం కథనాలు 1914కూ 1916కూ మధ్య ఊగిసలాడతాయి. ఆయన సిద్ధాంత వ్యాసాన్ని లెక్కలోకి తీసుకుంటే ఒక సంవత్సరం, అచ్చయిన పఠన పరీక్షను తీసుకుంటే మరొకటి వస్తాయి. ఆ తర్వాత కొద్ది కాలానికే గుడ్డిగా పెట్టిన జవాబుల ఫలాన్ని ఎలా తీసివేయాలన్న చర్చ మొదలైంది. ఐచ్ఛికాల సంఖ్యలోంచి ఒకటి తీసి, తప్పుల సంఖ్యను దానితో భాగించి, వచ్చినదాన్ని ఒప్పుల నుంచి తగ్గించాలన్న సూత్రం ఆ చర్చలోంచి వచ్చినదే.

ఈ సూత్రం ప్రకారం నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నకు కోత మూడో వంతు ఉండాలి. కారణం సరళమైనది. ఏమీ తెలియనివాడు నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పులు వస్తాయి. మూడు తప్పులకు మూడో వంతు చొప్పున ఒక మార్కు పోతే వచ్చింది, పోయింది సమానమవుతాయి. అంటే మూడో వంతు కోత గుడ్డి జవాబును శిక్షించదు, దాని లాభాన్ని రద్దు చేస్తుంది, అంతే. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ ప్రిలిమ్స్‌లో ఉన్నది ఈ మూడో వంతే. అమెరికాలోని శాట్ పరీక్షలో ఐదు ఐచ్ఛికాలు ఉన్న కాలంలో నాలుగో వంతు కోత ఇదే లెక్కన ఉండేది. 2016లో ఆ కోతను పూర్తిగా తీసివేశారు.

దీనితో పోల్చితే పోలీసు ప్రిలిమ్స్‌లోని ఐదో వంతు కోత తటస్థ స్థాయికన్నా తక్కువ. మండలి దీన్ని ఏ ఉద్దేశంతో ఎంచుకున్నదో ఇక్కడ ఊహించడం తగదు. ఫలితం ఏమిటన్నది మాత్రం లెక్కకు అందుతుంది.

3. సరిహద్దు శాతం

ఒక బిట్టు పెట్టడం, వదలడం సమానమయ్యే స్థానాన్ని సరిహద్దు అనుకుందాం. దాన్ని కనుగొనే సూత్రం ఇది: కోత ÷ (1 + కోత). ఇక్కడ కోతను ఒక ఒప్పుకు వచ్చే మార్కులో భాగంగా తీసుకోవాలి.

(అ) పోలీసు ప్రిలిమ్స్: కోత 0.20. సరిహద్దు 0.20 ÷ 1.20, అంటే దాదాపు 16.7 శాతం. ఆరింట ఒకటి.

(ఆ) నీట్: ఒప్పుకు 4, తప్పుకు 1 కోత, అంటే నాలుగో వంతు. సరిహద్దు 20 శాతం. ఐదింట ఒకటి.

(ఇ) సివిల్స్ ప్రిలిమ్స్: కోత మూడో వంతు. సరిహద్దు 25 శాతం. నాలుగింట ఒకటి.

(ఈ) కోత లేని పరీక్షలు: ఇటీవలి తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ వంటివి. సరిహద్దు సున్నా. వాటిలో ఏ బిట్టునూ ఖాళీగా వదలడానికి కారణం కనిపించదు.

నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి గుడ్డిగా ఎంచుకుంటే ఒప్పయ్యే అవకాశం 25 శాతం అనుకుంటే, పోలీసు ప్రిలిమ్స్‌లో గుడ్డి జవాబు కూడా సరిహద్దుకు పైనే ఉంటుంది. వంద గుడ్డి జవాబులకు సగటున 25 ఒప్పులు, 75 తప్పులు వస్తాయి. 25 మార్కులు వచ్చి 15 పోతాయి. మిగులు 10. కాబట్టి "తెలియకపోతే వదిలెయ్" అన్న సలహా ఈ పేపరు వరకు సగటు లెక్కకు ఎదురుగా నిలుస్తున్నది.

4. ఆ 25 శాతాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

పై లెక్కలో బలహీనమైన చోటు ఇదే. 25 శాతం అన్నది నిజంగా గుడ్డిగా, అంటే ప్రశ్నతో సంబంధం లేకుండా, ఎంచుకున్నప్పటి మాట. సగం తెలిసిన ప్రశ్నలో అభ్యర్థి గుడ్డిగా ఎంచుకోడు. అతన్ని ఏదో ఒక ఐచ్ఛికం లాగుతుంది. ప్రశ్న కూర్చేవారు తప్పు ఐచ్ఛికాలను కూడా నమ్మదగినట్టు రాస్తారు కాబట్టి అలా లాగేది తప్పు ఐచ్ఛికమే కావచ్చు. నదుల ఉపనదుల మీద, చట్టాల సంవత్సరాల మీద, నిజాం కాలపు సంస్కరణల క్రమం మీద వచ్చే బిట్లలో ఇది తరచుగా జరగగలదు. రెండు ఐచ్ఛికాలు కొట్టివేసి రెండు మిగిలాయి కాబట్టి అవకాశం 50 శాతం అనుకోవడం కూడా ఇదే కారణంగా సురక్షితం కాదు. కొట్టివేసిన రెండింటిలోనే ఒప్పు ఉండి ఉండవచ్చు.

ఐచ్ఛికం స్థానాన్ని బట్టి ఊహించడం గురించి కూడా పరిశోధన ఉన్నది. ప్రశ్నలు కూర్చేవారు ఒప్పును మధ్య స్థానాల్లో ఎక్కువగా పెడతారని, ఊహించేవారు కూడా మధ్యకే మొగ్గుతారని యిగల్ అట్టాలి, మాయా బార్‌హిల్లెల్ 2003లో చూపారు. అయితే ప్రశ్నల క్రమం, ఐచ్ఛికాల క్రమం మార్చి వేర్వేరు బుక్‌లెట్ సిరీస్‌లు అచ్చువేసే పరీక్షలకు ఈ ఫలితాన్ని అన్వయించడం కష్టం. అన్ని గుడ్డి బిట్లకూ ఒకే అక్షరం పెట్టడం వల్ల సగటు పెరుగుతుందనడానికి గాని, తగ్గుతుందనడానికి గాని ఆధారం లేదు.

కాబట్టి అభ్యర్థి తన సొంత శాతాన్ని కొలుచుకోవడమే మిగిలిన మార్గం. మాక్ టెస్టులో ప్రతి బిట్టు పక్కన, కీ చూడకముందే, మూడు గుర్తుల్లో ఒకటి పెట్టాలి: తెలిసినది, రెండు మిగిలినది, ఏమీ తెలియనిది. కీ వచ్చాక ఒక్కో గుంపులో ఎన్ని పెడితే ఎన్ని ఒప్పయ్యాయో విడివిడిగా లెక్కించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 40 బిట్ల గుంపులో 16 ఒప్పయితే అది 40 శాతమే గాని, అసలు శాతం 25కి పైన, 55కి కింద ఎక్కడైనా ఉండగల అనిశ్చితి అందులో ఉంటుంది. అందుకే ఒక్క మాక్‌తో తేల్చకుండా నాలుగైదు మాక్‌ల గుంపులను కలిపి చూడటం మంచిది. ఏదైనా గుంపు ఆరింట ఒకటికన్నా కింద పదేపదే తేలితే ఆ గుంపును వదలాలి. ఆ పైన ఎంత ఉన్నా ఐదో వంతు కోతలో అది లాభమే.

5. ఒక పేపరు, మూడు గీతలు

ఇప్పుడు ఒక ఊహాత్మక అభ్యర్థిని తీసుకుందాం. 200 బిట్లలో అతను 60 తెలిసినవని గుర్తు పెట్టాడు. తన మాక్‌ల లెక్కలో ఈ గుంపులో ఒప్పులు 80 శాతం. 40 బిట్లలో రెండు ఐచ్ఛికాలు మిగిలాయి. అందులో ఒప్పులు 50 కాదు, 40 శాతమే. మిగిలిన 100 ఏమీ తెలియనివి. వాటికి 25 శాతం.

తెలిసిన గుంపు నుంచి సగటున 48 ఒప్పులు, 12 తప్పులు, మిగులు 45.6. రెండు మిగిలిన గుంపు నుంచి 16 ఒప్పులు, 24 తప్పులు, మిగులు 11.2. గుడ్డి గుంపు నుంచి మిగులు 10. తెలిసినవే పెడితే సగటు 45.6. రెండో గుంపు కలిపితే 56.8. అన్నీ పెడితే 66.8.

సగటు ఒక్కటే చాలదు. అదృష్టం పైకీ కిందికీ ఊగుతుంది. ఈ పరీక్షలో వచ్చిన మార్కులు తుది ఎంపికకు కలవవు. గీత దాటడమొక్కటే లక్ష్యం. కాబట్టి అడగవలసినది సగటు ఎంత అని కాదు, గీత దాటే అవకాశం ఎంత అని. ఒక్కో బిట్టు ఫలితం మరొక దానితో సంబంధం లేనిదనుకొని లెక్కిస్తే, సుమారుగా ఈ ఫలితాలు వస్తాయి.

(అ) 60 గీత: తెలిసినవే పెడితే దాటే అవకాశం ఒక శాతం లోపు. రెండో గుంపు కలిపితే 27 శాతం. అన్నీ పెడితే 82 శాతం.

(ఆ) 50 గీత: అదే క్రమంలో 12, 90, 99 శాతం.

(ఇ) 40 గీత: తెలిసినవే పెడితే 93 శాతం. రెండో గుంపు కలిపితే దాదాపు నూరు. అన్నీ పెట్టినా దాదాపు నూరే.

మూడు గీతల్లోనూ అన్నీ పెట్టడం దేనికీ తీసిపోలేదు. అంటే 60 గీత అనుకొని రాసి, 40 గీతతో కొలవబడిన ఎస్టీ అభ్యర్థి కూడా, అన్నీ పెట్టినందువల్ల నష్టపోయి ఉండే అవకాశం బహు స్వల్పం. తెలిసినవే పెట్టి ఆగిపోయినవారికి మాత్రం గీత మార్పు చాలా తేడా తెచ్చి ఉంటుంది. ఒక శాతం కూడా లేని అవకాశం 93కు చేరింది.

6. అదే పేపరుకు కోత మూడో వంతయితే

పై ఫలితం అన్ని పరీక్షలకూ వర్తించదు. అదే అభ్యర్థి, అవే మూడు గుంపులు, కోత మాత్రం మూడో వంతు అనుకుందాం. తెలిసిన గుంపు మిగులు 44, రెండో గుంపు మిగులు 8, గుడ్డి గుంపు మిగులు సున్నా. మొదటి రెండు గుంపులు పెడితే సగటు 52. గుడ్డివి కలిపినా సగటు 52 దగ్గరే ఆగుతుంది, ఊగు మాత్రం పెరుగుతుంది.

ఇప్పుడు గీతను బట్టి జవాబు మారుతున్నది. 60 గీతకు మొదటి రెండు గుంపులతో అవకాశం సుమారు 9 శాతం. గుడ్డివి కలిపితే 16 లేదా 17కు పెరుగుతుంది. 50 గీతకు 63 నుంచి 60కి తగ్గుతుంది. 40 గీతకు 98 నుంచి 93కు తగ్గుతుంది. కారణం ఇది: గీతకు కింద ఉన్నవాడికి ఊగు వల్ల పైకి ఎగిరే అవకాశం వస్తుంది, పైన ఉన్నవాడికి అదే ఊగు వల్ల కింద పడే ప్రమాదం వస్తుంది. కోత తటస్థ స్థాయిలో ఉన్నప్పుడు అభ్యర్థికి తాను గీతకు ఏ పక్కన ఉన్నదీ తెలియాలి. సివిల్స్ ప్రిలిమ్స్‌లో కటాఫ్ పరీక్ష తర్వాతనే తేలుతుంది కాబట్టి ఈ సమాచారం హాలులో అందదు. అక్కడ పూర్తి గుడ్డి జవాబుకు అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదు. ఒక్క ఐచ్ఛికాన్నయినా నమ్మకంగా కొట్టివేయగలిగితే మాత్రం సరిహద్దు దాటినట్టే.

నీట్ పరిస్థితి వేరు. అక్కడ ప్రతి మార్కూ ర్యాంకులో కలుస్తుంది. కాబట్టి సగటు లెక్కే ప్రధానమని చెప్పవచ్చు. ఆ లెక్కన నిజంగా గుడ్డిగా పెట్టిన ఒక బిట్టుకు వచ్చే మిగులు నాలుగు మార్కుల్లో పావు మార్కు. లాభమే గాని బహు సన్నని లాభం. కొద్దిపాటి తప్పు మొగ్గు ఉన్నా అది హరించుకుపోతుంది.

7. మినహాయింపులు

పోలీసు ప్రిలిమ్స్‌లోనూ ఆగవలసిన సందర్భం ఒకటి ఉన్నది. 62 మార్కులు ఖాయంగా చేతిలో ఉన్న ఓసీ అభ్యర్థి మరో 12 గుడ్డి బిట్లు పెట్టాడనుకుందాం. పన్నెండూ తప్పయితే 2.4 పోయి 59.6కు దిగుతాడు. అలా జరిగే అవకాశం సుమారు 3 శాతం. పది మాత్రమే పెడితే పదీ తప్పయినా సరిగ్గా 60 మిగులుతుంది. అయితే ఈ ఉదాహరణలో "ఖాయం" అన్న మాటే సందేహాస్పదం. తెలిసినవని గుర్తు పెట్టిన వాటిలోనూ ఐదింట ఒకటి తప్పుతున్న అభ్యర్థికి 62 ఖాయమని చెప్పే వీలు లేదు. అందువల్ల ఈ మినహాయింపు వర్తించేవారు కొద్దిమందే అయి ఉండాలి.

రెండవ మినహాయింపు సమయం. మూడు గంటలను 200తో భాగిస్తే బిట్టుకు 54 సెకన్లు. గుడ్డి బిట్టుకు ఆలోచన అక్కరలేదు గాని ఓఎంఆర్ షీట్ మీద వంద గుండ్రాలు నింపడానికి సమయం పడుతుంది. చివరి ఐదు నిమిషాల్లో హడావుడిగా నింపేటప్పుడు ఒక వరుస జారితే, తెలిసిన జవాబుల మీద కూడా దెబ్బ పడవచ్చు.

మూడవది మనస్తత్వానికి సంబంధించినది. ఒకే స్థాయి తెలివి ఉన్నవారిలో కొందరు కోత పేరు వినగానే ఎక్కువ ఖాళీలు వదులుతారు. కోత ఉన్నప్పుడు స్త్రీలు పురుషులకన్నా ఎక్కువ ప్రశ్నలు వదిలారని కేథరిన్ బాల్డిగా 2014లో ప్రచురించిన ప్రయోగం చూపింది. కోత లేనప్పుడు ఆ తేడా కనిపించలేదు. చిలీ దేశంలో ప్రవేశ పరీక్షకు కోత తొలగించాక ఖాళీలలోని ఈ తేడా బాగా తగ్గిందని 2020లో మరొక అధ్యయనం నివేదించింది. అచ్చంపేట అభ్యర్థుల్లోనూ ఇదే జరుగుతున్నదని ఈ ఆధారాలతో చెప్పలేం. కాని "తెలియకపోతే వదిలెయ్" అన్న సలహా అందరి మీదా ఒకేలా పనిచేయకపోవచ్చని, భయం ఎక్కువ ఉన్నవారికే ఎక్కువ నష్టం చేయవచ్చని అనుకోవడానికి మాత్రం ఇవి చాలు.

8. నిర్ణయం

పై ఆధారాల మేరకు, పరిమితులతో కూడిన మూడు మాటలు చెప్పవచ్చు.

మొదటిది: నాలుగు ఐచ్ఛికాలు, ఐదో వంతు కోత ఉన్న అర్హత పరీక్షలో, సొంత మాక్‌ల లెక్క అందుకు విరుద్ధంగా లేనంతవరకు, ఖాళీలు వదలకపోవడమే మేలుగా కనిపిస్తున్నది. గీత 40 అయినా, 50 అయినా, 60 అయినా ఈ నిర్ణయం మారలేదు.

రెండవది: కోత మూడో వంతుకు చేరినప్పుడు గుడ్డి జవాబు విలువ గీతకు ఏ పక్కన ఉన్నామన్న దాని మీద ఆధారపడుతుంది. గీత తెలియనప్పుడు కనీసం ఒక ఐచ్ఛికాన్ని కారణంతో కొట్టివేయగలిగిన బిట్లకే పరిమితం కావడం సబబు.

మూడవది: కాబట్టి హాలుటికెట్ చేతికి వచ్చిన రోజున చూడవలసినది మైనస్ ఉన్నదా లేదా అన్నది మాత్రమే కాదు. ఐచ్ఛికాలెన్ని, కోత ఒప్పు మార్కులో ఎన్నో వంతు, మార్కులు తర్వాత కలుస్తాయా లేక గీత దాటితే చాలునా అన్న మూడూ నోటిఫికేషన్‌లోంచి రాసుకొని, కోతను ఒకటి కూడిన కోతతో భాగించి, వచ్చిన శాతం పక్కన మాక్‌లలోని మూడు గుంపుల శాతాలు రాసుకుంటే, ఏ గుంపును పెట్టాలో హాలులోకి వెళ్ళకముందే తేలుతుంది.